కొలవని రక్తపోటుకు ఏ అంకె వేయాలి?

ఓపీకి వచ్చిన 54 ఏళ్ల ఆవిడ ఒకరున్నారనుకుందాం. బీపీ మాత్రలు వాడుతున్నారు. కుర్చీలో కూర్చోబెట్టి మూడుసార్లు చూస్తే 152/94, 138/88, 136/86 వచ్చాయి. ఈవిడ బీపీ అదుపులో ఉన్నట్టా, లేనట్టా? మొదటి కొలతే ప్రమాణమంటే అదుపులో లేదు. మూడింటి సగటు తీస్తే 142/89 వస్తుంది, అప్పుడూ లేదు. మొదటిది పక్కనబెట్టి చివరి రెండింటి సగటు తీస్తే 137/87. ఇప్పుడు అదుపులో ఉంది.

మనిషీ అదే, అంకెలూ అవే. లెక్క కట్టే నియమం ఒక్కటే మారింది. చిన్న సర్వే చేసే హౌస్ సర్జన్లు, నర్సింగ్ విద్యార్థులు ప్రశ్నల మీద పెట్టినంత శ్రద్ధ ఈ నియమం మీద పెట్టరు. నింపే కాగితం తయారవగానే ఓపీలోకి దిగిపోతారు. ఆ కాగితంలో ఏ గడిలో ఏమి రాయాలి, దాన్ని కంప్యూటర్లో ఏ అంకెగా ఎక్కించాలి, చివర్లో ఎవరిని రక్తపోటు ఉన్నవారిగా లెక్కేయాలి అని చెప్పే కోడ్ పట్టిక ఒకటి ముందే ఉండాలి. అది లేకపోతే పై ఆవిడ సంగతి డేటా ఎక్కించే రోజున, ఎక్కించేవారి ఇష్టం మీద తేలుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెప్స్ సర్వేలలో పాటించే పద్ధతి స్పష్టంగానే ఉంది. మూడు కొలతలు తీయాలి, చివరి రెండింటి సగటు తీసుకోవాలి. పై అంకె 140 గానీ అంతకు మించి గానీ ఉన్నా, కింది అంకె 90 గానీ అంతకు మించి గానీ ఉన్నా, లేదా మనిషి బీపీ మాత్రలు వాడుతున్నా రక్తపోటు ఉన్నట్టే. అమెరికా హృద్రోగ సంఘాలు 2017లో గీతను 130/80కి దించాయి. ఏ గీత వాడినా ఫరవాలేదు, ఏది వాడారో పట్టికలో రాసి ఉండాలి. కాగితం మీద మాత్రం "ఎక్కువ, తక్కువ, మామూలు" అని టిక్కులు పెట్టించకూడదు, అసలు అంకెలే రాయించాలి. అంకెలుంటే రేపు గీత మార్చి మళ్లీ లెక్క కట్టవచ్చు. టిక్కును తిరిగి అంకెగా మార్చే దారి లేదు. వయసు కూడా అంతే. 47 అని రాసుకుంటే 40–49 గుంపులో తర్వాత వేసుకోవచ్చు.

నిర్వచనంలో మాత్రల మాట ఎందుకొచ్చిందో ఆలోచిస్తే ప్రశ్న ఎలా అడగాలో తెలుస్తుంది. మాత్రల వల్ల 124/78కి దిగిన మనిషిని కొలతను బట్టి మాత్రమే చూస్తే ఆరోగ్యవంతుల్లో చేరిపోతాడు. "మీకు బీపీ ఉందా?" అని అడిగితే "ఉండేదండీ, మాత్రలు వేసుకున్నాక తగ్గిపోయింది" అంటారు కొందరు. ఇంకొందరు "లో బీపీ ఉంది" అంటారు. అందుకే ఒక ప్రశ్నను రెండుగా విడదీయాలి. "బీపీ ఎక్కువగా ఉందని డాక్టరు గానీ నర్సు గానీ మీకెప్పుడైనా చెప్పారా అమ్మా?" అన్నది మొదటిది. "ఈ రెండు వారాల్లో బీపీకి మాత్రలు వేసుకున్నారా?" అన్నది రెండోది. మొదటిదానికి "లేదు" అన్నవారిని రెండోది అడగకుండా దాటెయ్యడం మామూలు. క్లినిక్‌కు వచ్చేవారి విషయంలో అలా దాటెయ్యకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తల తిరుగుడికిచ్చిన మాత్ర అనుకుంటూ ఎవరో ఎమ్లోడిపిన్ వేసుకుంటూ ఉండవచ్చు. సంచిలో మాత్రల షీటు ఉంటే చూపించమని అడిగి, పేరు చదివి రాసుకోవడం ఒక్క నిమిషం పని.

ఇక అసలు చిక్కు, ఖాళీ గడి. 46 ఏళ్ల ఆయన ఒకరికి మొదటి కొలత 146/92 వచ్చింది. ఇంతలో లోపల ఆయన టోకెన్ నంబరు పిలిచారు, లేచి వెళ్లిపోయారు. మాత్రలేమీ వాడటం లేదని అంతకు ముందే చెప్పారు. రెండో కొలత, మూడో కొలత గడుల్లో ఏమి రాయాలి?

చాలామంది ఏమీ రాయరు. కాగితం మీద ఖాళీ గడికి రెండర్థాలున్నాయి: కొలవలేదు, లేదా కొలిచారు గానీ రాయడం మరిచారు. నెల తర్వాత ఆ రెండింటినీ ఎవరూ విడదీయలేరు. కంప్యూటర్లో ఇంకా ముదురుతుంది. ఎక్సెల్లో 140తో పోల్చే మామూలు సూత్రం ఒకటి రాశారనుకోండి:

```
=IF(F2>=140,1,0)
```

F2 ఖాళీగా ఉంటే ఎక్సెల్ దాన్ని సున్నాగా చూస్తుంది, జవాబు 0. అంటే బీపీ లేదు. అదే గడిలో ఎవరైనా NA అని టైపు చేశారనుకోండి, ఎక్సెల్ దృష్టిలో అక్షరాలు ఏ అంకెకన్నా పెద్దవే, జవాబు 1. అంటే బీపీ ఉంది. 999 వేసినా 1 వస్తుంది. కొలవని ఒక్క కొలత, ఎక్కించినవారి అలవాటును బట్టి ఒకరిని రోగిగానో ఆరోగ్యవంతుడిగానో మార్చేస్తోంది, ఎర్ర గుర్తు కూడా చూపించకుండా.

కాబట్టి గడి ఖాళీగా వదలకూడదు, లేనిదానికీ ఒక అంకె ఉండాలి. ఏ అంకె అన్నది కూడా ఆలోచించి పెట్టాలి. అవును, కాదు ప్రశ్నలకు "తెలియదు" అంటే 9 వేయడం బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ గడిలో 9 ఇంకెలాగూ రాదు. ఆ ఊపులో రెండంకెల గడులకు 99 వేసుకుంటూ పోతారు. కానీ కింది బీపీ 99 ఉన్న మనుషులు నిజంగా ఉంటారు. 88 ఉన్నవారైతే ఓపీలో రోజూ కనిపిస్తారు. నలుగురి కింది బీపీ 82, 88, 94, 76 అనుకోండి, సగటు 85. కొలవని ఐదో మనిషికి 99 వేసి సగటు తీస్తే 87.8 వస్తుంది. చూసేవారికి ఏ అనుమానమూ రాదు. 999 వేసి మరిచిపోతే సగటు 267.8. అలాంటి మనిషి ఉండడని ఎవరికైనా తెలుస్తుంది, వెనక్కి వెళ్లి వెతుకుతారు. లేనిదానికి వేసే అంకె, ఆ గడిలో ఎన్నటికీ రానిదై ఉండాలి, పొరపాటున లెక్కలోకి జారితే గోల చేసేదై ఉండాలి.

ఇవన్నీ కలిపితే కోడ్ పట్టికలో ముఖ్యమైన భాగం ఇంతే ఉంటుంది:

```
med   D     మాత్రలు (2 వారాల్లో)  1=అవును 0=కాదు 9=తెలియదు
sbp2  E     పై బీపీ, 2వ కొలత      60–260, 999=కొలవలేదు
sbp3  F     పై బీపీ, 3వ కొలత      60–260, 999=కొలవలేదు
sbpm  H     E, F సగటు             ఒక్కటి 999 అయినా 999
dbpm  I     కింది బీపీ సగటు       పైలాగే
htn   J     రక్తపోటు              1=ఉంది 0=లేదు 9=తేల్చలేం
```

మొదటి కొలతకూ, కింది బీపీ కొలతలకూ వేరే గడులుంటాయి. సగటుకు, చివరి తీర్పుకు సూత్రాలు ఇలా రాయవచ్చు:

```
H2: =IF(OR(E2=999,F2=999),999,AVERAGE(E2:F2))
J2: =IF(D2=1,1,IF(OR(H2=999,I2=999),9,IF(OR(H2>=140,I2>=90),1,IF(D2=9,9,0))))
```

వరస ముఖ్యం. మాత్రలు వాడుతుంటే కొలత ఏదైనా 1. వాడనివారికి సగటు లేకపోతే 9. సగటు ఉంటే గీతతో పోలిక. చివరి మెలిక చూడండి: బీపీ మామూలుగానే ఉంది, మాత్రల సంగతి తెలియదు. ఆ మనిషిని "లేదు" అనలేం, అందుకే మళ్లీ 9. మన 54 ఏళ్ల ఆవిడకు 1 వస్తుంది, అదుపు గడి వేరే పెట్టుకుంటే అక్కడ "ఉంది" అని పడుతుంది. టోకెన్ పిలిస్తే వెళ్లిపోయిన ఆయనకు 9. మొదటి కొలత 146/92 కదా, ఉన్నట్టే వేసేద్దామని చెయ్యి లాగుతుంది. కానీ మొదటి కొలత తరచూ ఎక్కువగా ఉంటుందనే కదా దాన్ని అందరికీ పక్కనబెట్టాం. ఈయన ఒక్కరికి లెక్కలోకి తెస్తే నియమం ఇద్దరికి రెండు రకాలవుతుంది. నివేదికలో ఇంతమందికి తేల్చలేకపోయాం అని రాస్తే సరిపోతుంది.

సూత్రాలు ఎంత బాగున్నా గడిలోకి వచ్చిన అంకె నిజమైనదేనా అన్నది వేరే ప్రశ్న. దానికి ఒక తేలికైన పరీక్ష ఉంది, చివరి అంకెలు లెక్కపెట్టడం. గడియారంలాంటి డయల్ ఉన్న బీపీ మిషన్లో గీతలు రెండు రెండు మిల్లీమీటర్ల చొప్పున ఉంటాయి. చివరి అంకె 0, 2, 4, 6, 8లో ఏదో ఒకటి కావాలి, ఒక్కోటీ దాదాపు 20 శాతం రావాలి. 84 మంది కొలతల్లో యాభై సున్నాతో ముగిస్తే కొలిచినవారు సవరించి రాస్తున్నట్టే. ఆ సవరింపు కూడా ఎక్కడో దూరంగా జరగదు, సరిగ్గా గీత మీదే జరుగుతుంది. 136, 138 ఉన్నవారందరూ 140గా మారి రోగుల్లో చేరతారు. డయల్ మిషన్‌తో కొలిచామని చెప్పి 137, 143 లాంటి బేసి అంకెలు వరసగా రాస్తే, అది ఇంకో రకం అనుమానం. డిజిటల్ మిషన్ అయితే పది అంకెలూ తలో పది శాతం రావాలి. అందుకే కాగితం మీద మిషన్ రకానికీ, కొలిచినవారి గుర్తుకూ చెరొక గడి ఉండాలి. చెయ్యి లావుగా ఉన్నవారికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, పట్టీ సైజుకూ ఒక గడి. కొలిచేముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టారా, అరగంటలో టీ, చుట్ట, బీడీ ఏమైనా తాగారా అన్నవి రెండు టిక్కులతో అయిపోతాయి. అంతకుమించి పెంచితే ఓపీ రద్దీలో ఎవరూ నింపరు.

84 అన్న అంకె ఊరికే వేసింది కాదు. మెడికల్ కాలేజీల్లో నేర్పే `4pq/d²` సూత్రంలో, రక్తపోటు సుమారు 30 శాతం మందికి ఉంటుందనుకుని పది శాతం అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటే 84 మంది చాలు. తేడా ఐదు శాతమే ఉండాలంటే 336 మంది కావాలి. ఒక్కరు రోజూ కూర్చుని చేసే సర్వేకు మొదటిదే అందుబాటులో ఉండేది. కాకపోతే 84 మందిలో 25 మందికి ఉందని తేలితే, 20 నుంచి 40 శాతం మధ్య ఎక్కడో ఉంది అని మాత్రమే చెప్పగలరు.

ఎవరిని పిలవాలన్నదీ ముందే రాసుకోవాలి. ఓపీ రిజిస్టరులో పెద్దవాళ్లలో ప్రతి మూడో మనిషి అనుకుంటే ఆ మనిషే, ఎదురుగా తీరిగ్గా కూర్చున్న వ్యక్తి కాదు. వద్దన్నవారికీ ఒక వరస నంబరు ఇచ్చి వయసు, ఆడ మగ మాత్రం రాసుకోవాలి. పేర్లు, ఫోన్ నంబర్లు వేరే కాగితంలో, వేరే బీరువాలో ఉండాలి. బీపీ, షుగర్ మందులిచ్చే రోజొకటి ఉండే క్లినిక్‌లో ఆ ఒక్కరోజే కూర్చుంటే సగం మంది మాత్రలవాళ్లే దొరుకుతారు. అందుకని వారంలో అన్ని రోజులూ కూర్చోవాలి, తేదీ గడి పెట్టుకోవాలి. అలా చేసినా వచ్చిన శాతం ఆ క్లినిక్‌కు వచ్చినవారిదే. ఒంట్లో బాగుండి ఇంట్లోనే ఉన్నవారు రిజిస్టరులో లేరు కాబట్టి, నివేదిక శీర్షికలో ఊరి పేరు పక్కన "ఓపీకి వచ్చినవారిలో" అన్న మాట తప్పకుండా ఉండాలి.