కాశీ టూరు కరపత్రం: ముందు వెనక పేజీ చదవండి

కార్తీకం దగ్గరపడుతోందంటే చాలు, గుడి మండపంలో, కిరాణా కొట్టు గోడ మీద, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కరపత్రాలు మొదలవుతాయి. ‘కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య. 7 రాత్రులు, 8 పగళ్లు. మన తెలుగు వంట. పెద్దవారికి ప్రత్యేక శ్రద్ధ.’ పైన విశ్వనాథుడు, పక్కన బాలరాముడు, కింద లావుపాటి అక్షరాల్లో ధర, దాని పక్కన కనీకనపడని నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రం ఎక్కడికి తీసుకెళ్తుందో అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టాలి. అరవై అయిదు దాటిన అమ్మానాన్నలను పంపే పిల్లలైతే మరీను.

ముందు రోజుల లెక్క చూద్దాం. సికింద్రాబాద్ నుంచి కాశీ వైపు వెళ్లే మనవాళ్లలో చాలామంది ఎక్కేది దానాపూర్ ఎక్స్‌ప్రెస్. పొద్దున బయల్దేరితే మర్నాడు మధ్యాహ్నం దాటాక గానీ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, అంటే పాత మొఘల్‌సరాయి చేరదు. అక్కడి నుంచి కాశీలో బసకు చేరి స్నానం చేసేసరికి రెండో రోజు ముగుస్తుంది. తిరుగు ప్రయాణానికీ అంతే, ఏడో రోజూ ఎనిమిదో రోజూ రైలుకే. అంటే ఎనిమిది రోజుల యాత్రలో చేతికొచ్చేవి నాలుగు రోజులు. నాలుగు క్షేత్రాలకు రోజుకొకటి. కరపత్రంలో ‘5వ రోజు: గయ దర్శనం, పిండప్రదానం, రాత్రికి కాశీలో బస’ అని ఒక్క వరుసలో తేల్చేస్తారు. నా దృష్టిలో మొత్తం యాత్రలో పెద్దవాళ్లను పడగొట్టేది ఆ ఒక్క వరుసే.

కాశీ నుంచి గయకు రోడ్డు మీద 250 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. టీకి, బాత్రూముకు ఆగుతూ పోతే అయిదారు గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కిస్తే గయలో దిగేసరికి పది. శ్రాద్ధం పెట్టేవారు అప్పటిదాకా ఏమీ తినరు. ఆ తరవాత ఫల్గుణీ నది ఒడ్డున, విష్ణుపాదం గుడిలో, అక్షయవటం కింద, మూడుచోట్ల పిండాలు పెట్టాలి. ఈ మూడూ ఒకేచోట లేవు, మధ్యలో నడకో ఆటోనో ఉంటుంది. నేల మీద కూర్చుని లేవాలి. రద్దీని బట్టి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఇష్టమైన కాయ, పండు వదిలేసి, బ్రాహ్మణుడికి దక్షిణ ఇచ్చి, భోజనానికి కూర్చునేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. మళ్లీ అయిదారు గంటల బస్సు. కాశీ గదిలో నడుం వాల్చేసరికి రాత్రి పది. మర్నాడు పొద్దున అయిదింటికల్లా ప్రయాగకు సిద్ధంగా ఉండమని మేనేజరు తలుపు తట్టి చెబుతాడు.

షుగర్ మాత్రలు వేసుకునే మనిషి పదిగంటల ఉపవాసంతో ఈ రోజు ఎలా గడుపుతాడన్నది కరపత్రం రాసినాయనకు తట్టి ఉండదు. ఉపవాసం రోజున మాత్ర, ఇన్సులిన్ ఎలా సర్దుకోవాలో బయల్దేరే ముందే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పిండప్రదానానికి చిన్న స్టూలు దొరుకుతుందా అని ముందే అడగాలి. అడిగితే ఏర్పాటు చేస్తారు, అడగకపోతే పీటే.

దీనికి మందు లేకపోలేదు. గయలో ఒక రాత్రి బస పెడితే సరి. పెద్దగా అలసట లేకుండా కార్యం అవుతుంది, మర్నాడు పొద్దున పన్నెండు కిలోమీటర్ల దూరంలోని బుద్ధగయ కూడా చూడొచ్చు. లేదా దీన్‌దయాళ్ జంక్షన్ నుంచి గయకు రైలుంది, సుమారు మూడు గంటల ప్రయాణం. ఏజెంట్లు ఇలా ఎందుకు చేయరంటే, ఒక రాత్రి గదుల ఖర్చు పెరుగుతుంది, లేదా అయోధ్య జారిపోతుంది. అయోధ్య లేని కరపత్రం ఇప్పుడు అమ్ముడుపోదు. 2024 జనవరిలో బాలరాముడి ప్రాణప్రతిష్ఠ జరిగినప్పటి నుంచి కాశీ యాత్రకు అయోధ్య తప్పనిసరి తోకయింది. క్షేత్రాల సంఖ్య పెరిగింది గానీ రోజుల సంఖ్య పెరగలేదు. పక్కపక్కన రెండు కరపత్రాలుంటే, ఒక ఊరు తక్కువ చూపించేదాన్నే పెద్దవాళ్ల కోసం ఎంచుకోమంటాను. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్న మొక్కు ఉన్నవారికైతే ఈ ప్యాకేజీలేవీ పనికిరావు. వారు ఆంధ్రాశ్రమంలోనో ఏదైనా సత్రంలోనో గది కుదుర్చుకుని సొంతంగా వెళ్లడమే మేలు.

ఇక ‘ప్యాకేజీలో లభించేవి’. ఇక్కడ మాటలు పొదుపుగా ఉంటాయి, అర్థాలు మాత్రం సాగుతాయి. ‘ఏసీ గది’ అంటే ఇద్దరికా ముగ్గురికా? ముగ్గురికైతే మూడో ఆయనకు మంచం ఉండదు, రాత్రి పరుపు తెచ్చి కింద వేస్తారు. మోకాళ్లు అరిగిన మనిషి అర్ధరాత్రి ఆ పరుపు మీంచి లేవడం మాటలు కాదు. ‘ఫలానా హోటల్ లేదా అదే స్థాయిది’ అని ఉంటే ఆ ‘లేదా’ తరవాత వచ్చేదే మీకు దొరికేది. హోటల్ పేరు రాయించుకుని ఫోన్ చేసి లిఫ్టు ఉందా, వెస్టర్న్ కమోడ్ ఉందా, వేడినీళ్లు పొద్దున నాలుగింటికి వస్తాయా కనుక్కోండి. రెండు నిమిషాల పని.

‘గుడికి దగ్గర్లో బస’ అన్నది కూడా అలాంటిదే. కాశీలో పెద్ద బస్సులు ఊరి లోపలికి రావు. ఈ-రిక్షా అయినా గొదౌలియా చౌరస్తా చుట్టుపక్కల దింపేస్తుంది, అక్కడి నుంచి జనంలో నడవాల్సిందే. 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక గుడి ఆవరణ విశాలమై లోపల ఊపిరాడుతోంది గానీ ఆవరణ దాకా చేరే నడక తప్పలేదు. గంగ హారతికి దశాశ్వమేధ ఘాట్ మెట్లు దిగి, చీకట్లో మళ్లీ ఎక్కాలి. ఎంత దూరమని అడిగితే టూరు కుర్రాడు “నాలుగడుగులేనండీ తాతగారూ, మాటల్లోనే వచ్చేస్తుంది” అంటాడు. పాతికేళ్ల కాళ్లకు అది నిజమే. మీరు అడగాల్సింది దూరం కాదు, బస్సు దిగిన చోటు నుంచి ఎన్ని నిమిషాల నడక, ఎన్ని మెట్లు, వీల్‌చైర్ తోసేదెవరు, ఆ మనిషికి డబ్బులిచ్చేదెవరు అని.

రైలు బెర్తుల సంగతి ఏజెంట్లు కూడా సరిగ్గా చెప్పరు. అరవై దాటిన మగవారికి, నలభై అయిదు దాటిన ఆడవారికి రైల్వేలో కింది బెర్తుల కోటా ఉంది. అయితే టికెట్ మీద ఒకరో ఇద్దరో ఉంటేనే అది వర్తిస్తుంది. టూరువాళ్లు పని సులువని ఆరుగురిని ఒకే టికెట్ మీద వేస్తే ఆ కోటా పోయినట్లే, డెబ్బై ఏళ్ల ఆవిడకు పై బెర్తు రావచ్చు. భార్యాభర్తలిద్దరికీ విడిగా, ఆ కోటాలోనే టికెట్ తీయమని ముందే చెప్పండి. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు మొదలవుతుంది, కాబట్టి అంతకంటే ముందే ‘కింది బెర్తు ఖాయమైంది’ అనేవారి మాట నమ్మక్కర్లేదు. వృద్ధులకిచ్చే రాయితీ 2020 మార్చిలోనే ఆగిపోయింది, దాన్ని చూపి ధర తగ్గించామనేవారూ ఉన్నారు.

వంట విషయంలో మాత్రం మన టూరువాళ్లను మెచ్చుకోవాలి. వంటవాళ్లను, గిన్నెలను, గోంగూర పచ్చడి జాడీలతో సహా వెంట తీసుకెళ్లి, కాశీలో పొద్దున్నే ఉప్మా పెట్టడం చిన్న విషయం కాదు. కానీ గ్యాస్ సిలిండరు రైలెక్కకూడదు. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో రహస్యంగా తెచ్చిన సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ‘రైల్లోనూ వేడివేడి వంట’ అన్న మాట కనిపిస్తే ఎలా వండుతారని అడగండి.

అసలు ధర తేలేది ‘లభించనివి’ అన్న పేరాలో. ఒక ఉదాహరణ వేసుకుందాం. మనిషికి రూ.23,000 చొప్పున దంపతులకు 46,000 అనుకోండి. ‘జీఎస్టీ అదనం’ అంటే అయిదు శాతం, 2,300. ముగ్గురి గదికి బదులు ఇద్దరి గది కావాలంటే మనిషికి పదిహేను వందలనుకున్నా 3,000. గయ కార్యానికి, సామగ్రికి, దక్షిణకు 4,000. త్రివేణి సంగమం పడవ, కాశీ పడవ, ఆటోలు, వీల్‌చైర్ తోసినవారికి ఇచ్చేది, సుగమ దర్శనం టికెట్ కలిపి 5,000. రానూపోనూ రైలు భోజనాలు ‘ఎవరివి వారే’ కాబట్టి 2,000. మొత్తం 62,300. అంటే నక్షత్రం గుర్తు వెనక దాక్కున్నది పదహారు వేల పైచిలుకు. ఈ అంకెలు మీ విషయంలో మారతాయి, వరుస మాత్రం ఇదే. ఇందులో మోసమేమీ లేదు, అన్నీ కరపత్రంలో ఉన్నవే. ప్రయాగలో పడవవాడితో బేరం కుదరక ఒడ్డున నిలబడాల్సి వచ్చినప్పుడు గానీ ఆ పేరా గుర్తుకురాదు, అంతే.

ఆఖరున రద్దు షరతులు. పదిహేను రోజుల లోపు మానుకుంటే సగం, వారం లోపైతే మొత్తం పోతుందని చాలా కరపత్రాల్లో ఉంటుంది. మన ఇళ్లలో ప్రయాణం ఆగేది జ్వరంతో కంటే మైలతో ఎక్కువ. దాయాదుల్లో ఎవరు పోయినా పది రోజులు గడప దాటరు. అలాంటప్పుడు డబ్బు వెనక్కిస్తారా, తరవాతి బ్యాచ్‌కి మారుస్తారా అన్నది ఏ కరపత్రంలోనూ ఉండదు. పేరున్న ఏజెంట్లు అడిగితే తరవాతి బ్యాచ్‌కి ఒప్పుకుంటారు. నెల ఎంచుకునేటప్పుడు కూడా ఒక మాట: డిసెంబరు, జనవరి పొగమంచుకు అక్కడి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, మే నెల ఎండ మన ఎండకు తీసిపోదు, వానాకాలంలో గంగ పొంగితే పడవలు ఆపేస్తారు. మహాలయ పక్షాల్లో గయ కిటకిటలాడుతుంది. కార్తీక పౌర్ణమి నాటి రద్దీ తప్పించుకుని నవంబరులోనో, శివరాత్రి తిరునాళ్ల జనం తగ్గాక మార్చి మొదట్లోనో వెళ్లడం పెద్దవాళ్లకు సుఖం.

అడ్వాన్సు కట్టే రోజున ఏజెంటు ముందు కూర్చుని నాలుగు మాటలు రసీదు వెనక రాయించి సంతకం తీసుకోండి: గయలో రాత్రి బస, ఇద్దరికీ కింది బెర్తుల కోటాలో టికెట్, లిఫ్టున్న హోటల్ పేరు, మైల వస్తే తరవాతి బ్యాచ్. రాయడానికి వెనకాడితే ఆ అడ్వాన్సు మీ జేబులోనే ఉంచుకుని పక్క కరపత్రంలో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి.