బయోస్‌లో రెండు పాస్‌వర్డ్‌లు: ఏది దేనికి కాపలా?

కంప్యూటర్ ఆన్ చేశాక విండోస్ కనబడే లోపు కొన్ని సెకన్లు గడుస్తాయి. ఆ కాసేపు యంత్రాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. ఇప్పటి మెషీన్లలో దాని పేరు యూఈఎఫ్‌ఐ అయినా, రిపేరు షాపుల్లోనూ ఇళ్లలోనూ అందరూ బయోస్ అనే అంటారు. ర్యామ్‌నూ కీబోర్డునూ సరిచూసుకుని, విండోస్‌ను హార్డ్ డిస్క్ నుంచి తీసుకోవాలా, పెన్‌డ్రైవ్ నుంచి తీసుకోవాలా అని తేల్చేది అదే. ఆ బయోస్‌కు రెండు రకాల పాస్‌వర్డ్‌లు పెట్టుకోవచ్చు. చాలామంది రెండూ ఒకటే అనుకుని ఏదో ఒకటి పెట్టేసి ఊరుకుంటారు. తప్పుది పెడితే మాత్రం, ఎవరిని ఆపాలనుకున్నామో వాళ్ల చేతికే బయోస్ అంతా అప్పజెప్పినట్టవుతుంది.

మొదటిది అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్. బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లేటప్పుడు మాత్రమే ఇది అడ్డు నిలుస్తుంది. మామూలుగా కంప్యూటర్ ఆన్ చేసే మనిషికి ఇది ఉన్న సంగతే తెలియదు, విండోస్ ఎప్పటిలాగే వచ్చేస్తుంది. రెండోది బూట్ పాస్‌వర్డ్. ఆన్ చేయగానే అడుగుతుంది, చెప్పకపోతే విండోస్ దాకా పోనివ్వదు. అంటే మొదటిది యంత్రం అమరికలకు కాపలా, రెండోది దాన్ని ఆన్ చేసి వాడుకోవడానికి కాపలా.

గందరగోళం పేర్లతో మొదలవుతుంది. అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా `Administrator Password`, `User Password` అని కనిపిస్తాయి. థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో అవే `Supervisor Password`, `Power-On Password`. డెల్‌లో `Admin Password`, `System Password`. బూట్ పాస్‌వర్డ్‌కు డెస్క్‌టాప్ బోర్డుల వాళ్లు పెట్టిన `User Password` అన్న పేరు అందులో మరీ తికమక పెట్టేది. అది చూసి, ఇదేదో తక్కువ అధికారమున్న పాస్‌వర్డ్ కాబోలు, పనివాళ్లకు ఇచ్చినా ఫరవాలేదు అనుకుంటారు. రెండూ పెట్టినప్పుడే ఆ మాట నిజం.

ఒక చిన్న పట్టణంలో ఆన్‌లైన్ సేవల షాపును ఊహించుకుందాం. జిరాక్స్, హాల్‌టికెట్లు, అప్లికేషన్లు, ఫీజులు కట్టడం అక్కడి పనులు. నాలుగు డెస్క్‌టాప్‌లు, పనిలో ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు రోజంతా పెడుతూ తీస్తూనే ఉంటారు. ఎవరో పెన్‌డ్రైవ్‌తో వేరే సిస్టమ్ బూట్ చేసి, స్కాన్ చేసి ఉంచిన ఆధార్ కాపీలు ఎత్తుకుపోతారేమోనని యజమానికి భయం. ఆ భయం సబబైనదే. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేస్తే విండోస్ అసలు మేలుకోదు, దాని లాగిన్ పాస్‌వర్డ్ అడిగేవాళ్లే ఉండరు. డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి.

ఆ యజమాని మెషీన్ ఆన్ చేస్తూనే `Del` నొక్కి బయోస్‌లోకి వెళ్తాడు. `Security` పేజీలో `User Password` దగ్గర పాస్‌వర్డ్ పెట్టి, `F10`తో సేవ్ చేసి బయటికి వస్తాడు. మళ్లీ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. పని అయిందని తృప్తిపడి, పొద్దున్నే షాపు తెరవాలి గనక ఆ పాస్‌వర్డ్ కుర్రాళ్లిద్దరికీ చెబుతాడు.

తాను అడ్డుకోవాలనుకున్న దారిని అతను అక్కడే తెరిచేశాడు. ఎక్కువ డెస్క్‌టాప్ బోర్డుల్లో కనిపించే ఏఎంఐ బయోస్‌లో ఈ నియమం పాస్‌వర్డ్ పేజీలోనే రాసి ఉంటుంది, ఆగి చదివేవాళ్లే తక్కువ. `Administrator Password` ఒక్కటే పెడితే అది సెట్టింగుల్లోకి వెళ్లేటప్పుడు మాత్రమే అడుగుతుంది. `User Password` ఒక్కటే పెడితే ఆన్ చేసినప్పుడూ అడుగుతుంది, సెట్టింగుల్లోకి వెళ్లేటప్పుడూ అడుగుతుంది. కానీ ఆ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లిన మనిషికి అడ్మినిస్ట్రేటర్ అధికారాలన్నీ దక్కుతాయి. అంటే ఆ కుర్రాళ్లలో ఎవరైనా బూట్ వరస మార్చవచ్చు, సెక్యూర్ బూట్ ఆపేయవచ్చు. ఖాళీగా ఉన్న అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌ను తామే పెట్టేసి యజమానిని బయట నిలబెట్టవచ్చు కూడా.

అందుకే ముందు పెట్టాల్సింది అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డే. అది యజమాని దగ్గరే ఉండాలి. దాని ఎదురుగా ఉన్న `Not Installed` అన్న మాట `Installed`గా మారిందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత, అవసరమైతేనే, వేరే అక్షరాలతో యూజర్ పాస్‌వర్డ్ పెట్టాలి. అప్పుడు కుర్రాళ్లు తమ పాస్‌వర్డ్‌తో బయోస్‌లోకి వెళ్లినా ఎక్కువ సెట్టింగులు మసకగా, మార్చడానికి వీల్లేకుండా కనిపిస్తాయి. ఈ పరీక్ష యజమానే చేసుకోవాలి. యూజర్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి బూట్ వరస మార్చబోతే, కుదరకపోవాలి. రెండింట్లోనూ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే వాడడం మేలు. ఆ దశలో విండోస్ కీబోర్డు అమరికలేవీ పనిచేయవు.

ఇంతచేసినా పెన్‌డ్రైవ్ భయం తీరిపోదు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ బూట్ వరసను మార్చనివ్వదు, నిజమే. కానీ బోర్డుల్లో బూట్ మెనూ అని ఇంకో అడ్డదారి ఉంటుంది. ఆసుస్‌లో `F8`, ఎంఎస్‌ఐలో `F11`, గిగాబైట్‌లో `F12` నొక్కితే, ఈ ఒక్కసారికి దేని నుంచి బూట్ చేయాలో అడిగే జాబితా వస్తుంది. చాలా మెషీన్లలో దానికి పాస్‌వర్డ్ అడగదు. పైగా విండోస్‌లో `Shift` నొక్కి పట్టుకుని రీస్టార్ట్ చేస్తే వచ్చే నీలం తెరలోనూ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకునే వీలుంటుంది. కాబట్టి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పెట్టే రోజే, బోర్డులో ఆ సౌకర్యం ఉంటే, యూఎస్‌బీ నుంచి బూట్ అవడాన్ని ఆపేయాలి. పాస్‌వర్డ్ ఆ నిర్ణయాన్ని తర్వాత ఎవరూ మార్చకుండా చూస్తుంది. యూఎస్‌బీ బూట్‌ను ఆపడం వేరు, యూఎస్‌బీ పోర్టులను ఆపడం వేరు. రెండోది చేస్తే కస్టమర్ల పెన్‌డ్రైవ్‌తో పాటు కీబోర్డూ మౌసూ కూడా చచ్చుబడతాయి. థింక్‌ప్యాడ్‌లో అయితే బూట్ జాబితాకు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగే ఆప్షన్ విడిగా ఉంది, దాన్ని ఆన్ చేసుకోవాలి. ఏది మార్చినా ఒకసారి బూటబుల్ పెన్‌డ్రైవ్ పెట్టి ప్రయత్నించి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మరి షాపులో బూట్ పాస్‌వర్డ్ అవసరమా? నా అభిప్రాయంలో, నాలుగింటికీ అక్కర్లేదు. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేశాక, మళ్లీ కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యేలా పెట్టుకున్న మెషీన్ ఒకటి ఉంటుంది. సీసీ కెమెరాల రికార్డింగో, ఇంటి నుంచి చూసుకునే బిల్లింగో దాని మీద నడుస్తుంటుంది. దానికి బూట్ పాస్‌వర్డ్ పెడితే అర్ధరాత్రి ఆన్ అయి, పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే తెల్లారే దాకా నిలిచిపోతుంది. రాత్రిపూట అప్‌డేట్ కోసం విండోస్ రీస్టార్ట్ అయినా అదే గతి. దూరం నుంచి ఏమీ చేయలేం, ఎందుకంటే రిమోట్ సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే ముందు విండోస్ రావాలి. అలాంటి మెషీన్‌కు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఒక్కటి చాలు.

బస్సుల్లో, రైళ్లలో వెంట తిరిగే ల్యాప్‌టాప్‌కు బూట్ పాస్‌వర్డ్ పనికొస్తుంది. అయితే మూత వేసి స్లీప్‌లో ఉంచినదానికి అది వర్తించదు. మూత తెరిస్తే యంత్రం మళ్లీ బూట్ అవదు, నిద్ర లేస్తుంది అంతే. అప్పుడు అడ్డుండేది విండోస్ లాక్ తెర ఒక్కటే. బూట్ పాస్‌వర్డ్ మీద ఆధారపడేవాళ్లు బయల్దేరే ముందు షట్‌డౌన్ చేసుకోవాలి.

ఈ రెండింటిలో ఏదీ చేయని పని ఒకటుంది. డిస్క్‌లోని ఒక్క అక్షరాన్ని కూడా ఇవి దాచవు. స్క్రూలు విప్పి డిస్క్ తీసి, కొద్దిపాటి ఖరీదు చేసే యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఆధార్ కాపీలు అలాగే కనిపిస్తాయి. ఎందుకంటే ఆ పాస్‌వర్డ్ మదర్‌బోర్డుతోనే ఉండిపోయింది. డేటాను కాపాడేది ఎన్‌క్రిప్షన్: విండోస్‌లో బిట్‌లాకర్, లైనక్స్‌లో లక్స్. బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్న మెషీన్‌లో బయోస్ సెట్టింగులు కదిపే ముందు 48 అంకెల రికవరీ కీ బయట భద్రపరచుకోవాలి. సెక్యూర్ బూట్ లాంటిది మారితే తర్వాతి ఆన్‌కు ఆ కీ అడగవచ్చు.

పాస్‌వర్డ్ ఎంత గట్టిగా నిలుస్తుందన్నదీ మెషీన్‌ను బట్టే ఉంటుంది. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో క్యాబినెట్ విప్పి, సీమాస్ చెరిపే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కాసేపు కలిపితే పాస్‌వర్డ్ పోతుంది. మర్చిపోయినవాళ్లకు తయారీదారులే చెప్పే మార్గమిది. దొంగకూ అదే మార్గం. కానీ ఆ పని గుర్తు మిగలకుండా జరగదు. పాస్‌వర్డ్‌తో పాటు మిగతా సెట్టింగులూ ఫ్యాక్టరీ స్థితికి వెళ్తాయి, గడియారం వెనక్కి తిరుగుతుంది, ఆపేసిన యూఎస్‌బీ బూట్ మళ్లీ ఆన్ అవుతుంది. ఒక రోజు `Del` నొక్కినప్పుడు పాస్‌వర్డ్ అడగకుండా సెట్టింగులు తెరుచుకున్నాయంటే క్యాబినెట్‌లో ఎవరో చెయ్యి పెట్టారేమో చూసుకోవాలి. బటన్ బ్యాటరీ అయిపోతే గడియారం ఒక్కటే తప్పుతుంటుంది గానీ, కొత్త బోర్డుల్లో సాధారణంగా పాస్‌వర్డ్ పోదు. రెండింటికీ తేడా అక్కడ తెలుస్తుంది.

థింక్‌ప్యాడ్ లాంటి ఆఫీసు ల్యాప్‌టాప్‌ల సంగతి పూర్తిగా వేరు. వాటి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ బ్యాటరీ తీసినా పోదు. మర్చిపోతే మదర్‌బోర్డు మార్చడమే మార్గమని కంపెనీయే చెబుతుంది. కంపెనీలు వాడి తీసేసిన ఈ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి. విండోస్ చక్కగా వస్తోంది కదా అని డబ్బు కట్టేస్తే, రేపు కొత్త సిస్టమ్ వేయాల్సి వచ్చినప్పుడు పాత కంపెనీ పెట్టిన తాళం ఎదురవుతుంది. బేరం కుదిరే ముందే అమ్మేవారి ఎదుట రీస్టార్ట్ చేసి, `F1` నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే, తీసేసి ఇవ్వమనండి. మీరు అమ్మే రోజున మీదీ అలాగే తీసేయాలి: పాత పాస్‌వర్డ్ టైప్ చేసి, కొత్తది అడిగిన చోట ఖాళీగా వదిలి ఎంటర్ నొక్కి, `F10`తో సేవ్ చేస్తే సరిపోతుంది.