రిపోర్టు ఇచ్చారు సరే, ఆ అంకెలు మీవేనా?

పీఎంఈజీపీ కింద దరఖాస్తు బ్యాంకుకు చేరిన కొన్నాళ్లకు బ్రాంచి నుంచి ఫోను వస్తుంది, ఒకసారి వచ్చి కలవమని. చాలామంది వెంటనే జిరాక్సులు, ఫొటోలు, సర్టిఫికెట్లు సర్దుకోవడంలో పడతారు. కాగితాలు కావాలి, నిజమే. కానీ వాటిలో చాలావరకు అప్పటికే అధికారి బల్ల మీద ఉంటాయి. మనిషిని పిలిచేది కాగితం చెప్పని సంగతి తెలుసుకోవడానికే: రిపోర్టులోని అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, అడిగితే ఈ మనిషి వాటిని వివరించగలడా?

మన దగ్గర ప్రాజెక్టు రిపోర్టు సాధారణంగా ఆడిటరో, ఏజెంటో తయారు చేస్తారు. మొదటి ఏడు 60 శాతం సామర్థ్యం, తర్వాత 70, ఆపైన 80 అంటూ లాభం ఏటేటా పెరుగుతూ పోయే పట్టిక అందులో తప్పకుండా ఉంటుంది. రోజూ ఇవే చూసే అధికారికి ఆ మూస కంఠస్థం. అందుకే ఇంటర్వ్యూకి ముందు చేయాల్సిన అసలు పని, రిపోర్టు పక్కన పెట్టుకుని తెల్లకాగితం మీద ఆ లెక్కను సొంతంగా మళ్లీ వేసుకోవడం.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు జిల్లా పల్లెలో ఒక మహిళ కారం ఆడించే యూనిట్ పెట్టాలనుకుంది. మొత్తం ఖర్చు 10 లక్షలు. మరలు, కరెంటు పనులకు 6 లక్షలు, సరుకు తిప్పుకోవడానికి 4 లక్షలు. గ్రామీణ మహిళ కాబట్టి ఆమె సొంత వాటా 5 శాతం, అంటే 50 వేలు. మిగతా 9 లక్షల 50 వేలు బ్యాంకు ఇవ్వాలి. ధరలన్నీ ఉదాహరణ కోసం అనుకున్నవే.

అధికారి మొదటి ప్రశ్న మామూలుగానే ఉంటుంది: "నెలకు ఎంత ఆడిస్తావమ్మా?" దానికి "ఎంతైనా ఆడించగలం సార్" అని చెబితే మొదట్లోనే నమ్మకం పోతుంది. ఆమె జవాబు ఇలా ఉండాలి: "నెలకు 25 రోజులు, రోజుకు 48 కిలోలు. 1,200 కిలోలు వస్తుంది సార్."

"కిలోకు ఎంత మిగులుతుంది?" ఇక్కడే చాలామంది తడబడతారు. మిరప కిలో 180 అనుకుంటే కారం ఖరీదు 180 కాదు. తొడిమలు తీసి, ఎండబెట్టి, ఆడించాక 100 కిలోల మిరపకు 88 కిలోల కారం వస్తుందనుకుందాం. అంటే కిలో కారంలో మిరప ఖర్చే దాదాపు 205 రూపాయలు. ప్యాకింగు, కరెంటు కలిపి మరో 15. షాపులకు 265కు వేస్తే కిలోకు 45 మిగులుతుంది, నెలకు 54 వేలు. ఇద్దరు పనివాళ్ల కూలి, అద్దె, రవాణా కలిపి 31 వేలు తీసేస్తే చేతికొచ్చేది 23 వేలు. తరుగు సంగతి ఆమె తనంతట తానే చెప్పిందంటే, ఈ పని తెలిసిన మనిషేనని అధికారికి అర్థమవుతుంది. రిపోర్టు రాసిచ్చిన ఏజెంటుకు తొడిమల బరువు గుర్తుండదు.

"సరుకుకు సరిగ్గా 4 లక్షలే ఎందుకు?" ఆడిటరుగారు వేశారని చెప్పకూడదు. మిరప కొని 15 రోజులు నిల్వ ఉంచాలి, తయారైన కారం 5 రోజులు ఉంటుంది, షాపులవాళ్లు 20 రోజులకు గానీ డబ్బివ్వరు. పెట్టిన రూపాయి తిరిగి రావడానికి 40 రోజులు. నెల ఖర్చు మొత్తం 2 లక్షల 95 వేలు కాబట్టి 40 రోజులకు 4 లక్షలకు కాస్త తక్కువ. ఈ ఒక్క జవాబు సూటిగా చెప్పగలిగితే, అడిగిన మొత్తాన్ని కోసేయడానికి అధికారికి కారణం దొరకడం కష్టం.

తర్వాత వాయిదా. సొంత వాటా తీసేస్తే మరల అప్పు 5 లక్షల 70 వేలు. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు 12,400 దాకా కట్టాలి. సరుకు అప్పు వడ్డీ మరో 3,500. 23 వేలలో ఆ వడ్డీ పోగా 19,500 ఉంటుంది. వాయిదాకు ఒకటిన్నర రెట్లకు పైనే. బ్యాంకరు చూసేది ఈ నిష్పత్తే.

అసలు పరీక్ష ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది: "మిరప 180 నుంచి 200 అయితే?" గుంటూరు యార్డు ధరలు చూసేవాళ్లకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. కిలో కారం మీద దాదాపు 23 రూపాయలు పెరుగుతుంది. 1,200 కిలోలకు 27 వేలు. మిగిలేదే 23 వేలు కాబట్టి లాభమంతా ఊడ్చుకుపోతుంది. "రేటు పెంచుతాం సార్" అనేది సగం జవాబే. షాపులు ఒప్పుకునేది కిలోకు 15 అనుకుంటే, వడ్డీ పోగా చేతిలో 10,300 ఉంటుంది. వాయిదాకు ఇంకా 2,100 తక్కువ. పూర్తి జవాబు ఇలా ఉంటుంది: "చుట్టుపక్కల ఇళ్లవాళ్ల మిరప కూలికి ఆడిస్తాను సార్. నెలకు 400 కిలోలు, కిలోకు 10 రూపాయలు. ఆ 4 వేలతో వాయిదా ఆగదు." సమస్య రాదని చెప్పేవాళ్లకంటే, వస్తే ఎంత నష్టమో లెక్కగట్టి చెప్పేవాళ్లనే బ్యాంకు నమ్ముతుంది. నా దృష్టిలో తయారీకి పెట్టే సమయంలో సగం ఈ ఒక్క ప్రశ్నకే కేటాయించాలి.

సబ్సిడీ గురించి తప్పకుండా అడుగుతారు. ఈమెకు 35 శాతం, అంటే మూడున్నర లక్షలు వస్తుంది. కానీ అది చేతికివ్వరు. ఆమె పేరిట డిపాజిట్‌గా మూడేళ్లు బ్యాంకులోనే ఉంచి, యూనిట్ నడుస్తోందని తనిఖీ చేశాకే అప్పులో జమ చేస్తారు. మాటకు ముందు సబ్సిడీ ఎప్పుడొస్తుందని అడిగే మనిషి, అది రాగానే మర మూసేస్తాడన్న అనుమానం అధికారికి సహజంగానే వస్తుంది.

పాత అప్పుల విషయంలో దాపరికం వద్దు. డ్వాక్రా అప్పు, బంగారం మీద తీసుకున్నది, ఫోను కోసం కట్టిన వాయిదాలు చాలావరకు క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తాయి. ఏడాదికొకసారి ఆ రిపోర్టు ఉచితంగా తెప్పించుకోవచ్చు. ముందే చూసుకుని, "రెండేళ్ల కిందట ఆసుపత్రి ఖర్చుల వల్ల మూడు వాయిదాలు ఆలస్యమయ్యాయి, తర్వాత అంతా కట్టేశాం, రసీదు ఇదిగోండి" అని చెబితే తీరిపోయే విషయం, అధికారి బయటపెడితే పెద్దదవుతుంది. సొంత వాటా 50 వేలదీ ఇదే దారి. పాస్‌బుక్కులో నెలనెలా పోగైన సొమ్ముకు, నిన్న ఒక్కసారిగా జమైన సొమ్ముకు తేడా ఆయనకు వెంటనే తెలుస్తుంది.

భర్తో అన్నో వెంట రావడం తప్పేమీ కాదు. కానీ జవాబులు వాళ్లే చెబుతుంటే వ్యాపారం ఎవరిదన్న సందేహం మొదలవుతుంది. కొన్ని బ్రాంచీల్లో అధికారికి తెలుగు అంతంతమాత్రమే. అప్పుడు లెక్క కాగితం బల్ల మీద పెట్టి అంకెలు చూపిస్తే పని సులువవుతుంది. ఆ కాగితం ఒక పేజీ దాటకూడదు.

చివరగా తరచూ వచ్చే ప్రశ్న: "అంత ఇవ్వలేం, ఏడున్నర లక్షల ప్రాజెక్టుగా చేసుకుంటారా?" సరేనని వెంటనే తలూపితే మొదటి అంకె ఊరికే వేసిందేనన్నమాట. ఏది వదులుకోగలదో ఆమె ముందే తేల్చుకోవాలి. ప్యాకింగు మర మానుకుని చేత్తో సీలు వేయించవచ్చు. మిరప ఆడించే మర తగ్గిస్తే రోజుకు 48 కిలోలు రావు. సరుకు డబ్బు కోస్తే 40 రోజుల లెక్క తప్పుతుంది, షాపులకు అరువు ఇవ్వడం కుదరదు. ఈ మూడూ విడివిడిగా చెప్పి, మొదటిదానికే ఒప్పుకుంటానని చెప్పాలి. లేచేముందు ఇంకా ఏ కాగితం కావాలో, స్థలం చూడటానికి ఏ రోజు వస్తారో అడిగి రాసుకోవాలి. ఆయన వచ్చేసరికి కరెంటు కనెక్షను ఎక్కణ్ణుంచి లాగుతారో, మర ఎక్కడ బిగిస్తారో షెడ్డు నేల మీద ముగ్గుతో గీసి ఉంచితే మంచిది.