సీ షిఫ్ట్‌లో 34: రిజెక్షన్ లెక్క ఎలా చదవాలి?

జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌లోకి వెళ్తే, ప్రతి మెషీన్ పక్కనా ఒక అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం కనిపిస్తుంది. ఎడమవైపు లోపాల పేర్లు, పైన గంటలు, గళ్లలో నిలువు గీతలు. నాలుగు గీతలు గీశాక అయిదోది అడ్డంగా కొడతారు. దాన్నే టాలీ షీటు అంటారు. షిఫ్టు దిగేటప్పుడు చెకింగ్ చేసేవాళ్లు ఈ గీతల్ని కూడి, రిజెక్షన్ ఎంత శాతమో సూపర్‌వైజర్‌కి చెప్పాలి. చూడ్డానికి చిన్న పనే. కానీ ఆ ఒక్క అంకెని బట్టే ఎవరికి చీవాట్లు పడాలో, ఏ మెషీన్ విప్పాలో తేలిపోతుంది కాబట్టి, అది తప్పుదారి పట్టిస్తే నష్టం చాలా దూరం పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్యాన్ రెగ్యులేటర్ పైమూత. ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో పోస్తారు. ముక్క బరువు 30 గ్రాములు. మోల్డ్‌కి రెండు గుంటలు, ప్రతి 30 సెకన్లకీ ఒక పోత, అంటే గంటకి 240 మూతలు. ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఏ షిఫ్ట్, రెండు నుంచి రాత్రి పది దాకా బీ, పది నుంచి తెల్లారి ఆరు దాకా సీ. ఒక రోజు లెక్క ఇలా వచ్చిందనుకుందాం: ఏ షిఫ్ట్‌లో 36 రిజెక్టులు, బీలో 35, సీలో 34.

ఇంతవరకే వింటే రాత్రివాళ్లే కాస్త నయం. కానీ ఏ షిఫ్ట్‌లో 1,800 మూతలు, బీలో 1,750 తీశారు. సీలో రెండు దాటిన పది నిమిషాలకి బ్యారెల్ మీది హీటర్ బ్యాండ్ కాలిపోయి మెషీన్ ఆగిపోయింది, అప్పటికి తీసినవి 1,000. రిజెక్టుల్ని మొత్తం తీసిన ముక్కలతో భాగించి వందతో గుణిస్తే ఏ, బీ రెండూ 2 శాతం, సీ 3.4 శాతం. అందుకే షీటు మీద రిజెక్టుల గడి ఎంత ముఖ్యమో, మొత్తం ముక్కల గడి కూడా అంతే ముఖ్యం. అది ఖాళీగా ఉంటే మిగతా గీతలకి అర్థం లేదు.

భాగించే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. ఒకే మూత మీద అంచున ప్లాస్టిక్ పొర పొడుచుకొచ్చి, పైన గీత కూడా పడితే లోపాలు రెండు, పాడైన ముక్క ఒకటే. శాతానికి పాడైన ముక్కల్నే లెక్కపెట్టాలి. కారణం వెతకడానికి మాత్రం లోపాలన్నీ విడివిడిగా రాయాలి. అంచు పొరని ఆపరేటర్ కత్తితో చెక్కేసి ముక్కని బాగున్నవాటిలో వేసినా సరే, గీత పడాల్సిందే. లేకపోతే మోల్డ్ సరిగా మూసుకోవడం లేదన్న కబురు ఆ కత్తి దగ్గరే ఆగిపోతుంది.

ఇక 3.4 శాతం నిజంగా పట్టించుకోవాల్సినదేనా? రిజెక్షన్ ఏ రోజూ కచ్చితంగా 2 శాతం దగ్గర నిలబడదు. ఏ మార్పూ లేకుండానే కాస్త పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగులాట ఎంతవరకు మామూలో గీత గీసి చూపే పద్ధతిని వాల్టర్ షూహార్ట్ 1924లో అమెరికాలో బెల్ టెలిఫోన్ వ్యవస్థకి పరికరాలు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో ప్రతిపాదించాడు. సగటు 2 శాతం ఉండి, షిఫ్టుకి 1,000 ముక్కలు తీస్తే ఆ లెక్క ప్రకారం పైగీత దాదాపు 3.3 దగ్గర పడుతుంది. 1,800 ముక్కలైతే 3 శాతం దగ్గరే. ముక్కలు తగ్గేకొద్దీ ఊగులాట పెరుగుతుంది మరి. కాబట్టి 2.4 వచ్చిందని రాత్రి షిఫ్టుని నిలదీయడం, 1.7 వచ్చిందని పగటి షిఫ్టుని మెచ్చుకోవడం రెండూ అన్యాయమే. 3.4 మాత్రం గీత దాటింది. ఏదో జరిగింది.

ఏం జరిగిందో మొత్తం చెప్పదు, గంటల గళ్లు చెబుతాయి. పది నుంచి పదకొండు దాకా 5 రిజెక్టులు, తర్వాతి గంటలో 13, ఆ తర్వాత 10, ఒంటిగంట నుంచి ఆగేదాకా 6. అడ్డంగా చూస్తే 34లో 18 ఒకే లోపం: మూత మీద వెండి చారల్లా మెరిసే గీతలు. పగటి రెండు షిఫ్టుల్లోనూ అది ఒకటో రెండో. ఆ 18 తీసేస్తే మిగిలిన 16 రోజూ ఉండేవే.

వెండి చారలంటే చాలావరకు తేమ. ఏబీఎస్ గింజలు గాలిలోని తడిని పీలుస్తాయి. కరిగేటప్పుడు ఆ తడి ఆవిరై పోత వెంట సాగి చారగా మిగులుతుంది. అందుకే హాపర్‌లో దాదాపు 80 డిగ్రీల వేడిగాలితో రెండు నుంచి నాలుగు గంటలు ఆరబెట్టాలి. ఆ రాత్రి బీ షిఫ్ట్‌వాళ్లు హాపర్‌ని అడుగంటా వాడి దిగిపోయారు. మిగిలింది అయిదారు కిలోలు. సీ షిఫ్ట్‌వాళ్లు పదింబావుకి రెండు బస్తాలు పోశారు. గంటకి ఏడు కిలోలకి పైగా ఖర్చవుతుంది కాబట్టి ఆరిన సరుకు పదకొండు లోపే అయిపోయి, ఆరీ ఆరని గింజలు కిందికి దిగాయి. ఒంటిగంట దాటాక పైనున్నవి ఆరుతూ వచ్చి చారలు తగ్గాయి. రిజెక్టులు సీ షిఫ్ట్ ఖాతాలో పడ్డాయి గానీ, కారణం బీ షిఫ్ట్ చివరి గంటల్లో ఉంది.

షిఫ్టుల వారీ లెక్కలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఇదే. లోపం బయటపడిన షిఫ్టు వేరు, పుట్టిన షిఫ్టు వేరు కావచ్చు. చెకింగ్ వెనకబడిన చోట ఇది ఇంకా ముదురుతుంది. ఏ షిఫ్ట్‌లో తీసిన ముక్కలు బీ షిఫ్ట్ చెకర్ చేతికొస్తే గీతలు బీ కాగితం మీద పడతాయి. ప్రతి ట్రే మీద తీసిన గంట, షిఫ్టు రాసిన చీటీ ఉంటేనే గీత తనకి చెందిన గడిలో పడుతుంది.

అందుకే పొద్దున సూపర్‌వైజర్ “రాత్రి ఎంతమ్మా?” అని అడిగితే “మూడు పాయింట్ నాలుగు సార్” అని ఊరుకోకూడదు. “వెయ్యికి ముప్పై నాలుగు సార్. అందులో పద్దెనిమిది వెండి చారలు, పదకొండు నుంచి ఒంటిగంట మధ్యే ఎక్కువ. హాపర్ పదింబావుకి నింపారు. మిగతావి ఎప్పటిలాగే” అనాలి. ఇందులో ఎవరి పేరూ లేదు, కానీ ఎక్కడ చూడాలో ఉంది. చారలున్న రెండు మూతలు, వాటి ట్రే చీటీతో సహా పక్కన పెట్టి చూపిస్తే ఇంకా మంచిది.

అంకె చెప్పినప్పుడల్లా తిట్లే ఎదురైతే మర్నాటి నుంచి అంకె తగ్గుతుంది, లోపాలు తగ్గవు. దీన్ని పసిగట్టడం కష్టం కాదు. రోజూ 2 శాతానికి అటూ ఇటూ కదలని లెక్క అనుమానాస్పదం. ఇంకో ఆధారం తూకం. ముప్పై నాలుగు మూతలంటే కిలో పైచిలుకు. రన్నర్ ముక్కలు కలపని రిజెక్ట్ డబ్బా రెండు కిలోలు తూగితే, గీత పడకుండానే ముప్పై మూతలకి పైగా అందులో పడ్డాయన్నమాట.

హాపర్ విషయంలో చేయాల్సింది సులువే: సగానికి దిగకముందే నింపుతూ ఉండటం, నింపిన టైము షీటు మీదే రాయడం. అది పనిచేసిందో లేదో ఒక్క రాత్రితో తేలదు. చారలు లేని ఒక షిఫ్టు అదృష్టమూ కావచ్చు. రెండు వారాలపాటు సీ షిఫ్ట్‌లో పదకొండు, ఒంటిగంట మధ్య గళ్లని విడిగా చూడాలి. నింపిన టైము సరిగ్గా ఉండి కూడా చారలు వస్తుంటే, డ్రయ్యర్ గాలి నిజంగా 80 డిగ్రీలు అందుతోందా అని థర్మామీటర్ పెట్టి చూడాలి. ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుని గాలి తగ్గిందేమోనని మూత విప్పాలి.