బీ2లోనా? బీ3లోనా?

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. సినిమా వదిలారు. నిద్రపోయిన పిల్లాడు తండ్రి భుజం మీద ఉన్నాడు. తల్లి రెండు చేతుల్లోనూ సంచులు. వెనకాల మోకాళ్ల నొప్పులతో నానమ్మ. లిఫ్టు దిగి బేస్‌మెంట్‌లోకి రాగానే తండ్రి తాళం తీసి బటన్ నొక్కాడు. ఎక్కడా లైటు వెలగలేదు, కుయ్ మన్న శబ్దమూ లేదు.

"ఇక్కడే కదండీ పెట్టాం?"

"ఇక్కడే... స్తంభం పక్కన."

స్తంభాలేమో వందల్లో ఉన్నాయి. పది నిమిషాలు తిరిగాక, పెట్టినచోట వేరే తెల్ల కారు కనిపించేసరికి ఆయన గుండె గుభేలుమంది. "కొంపదీసి ఎవరైనా ఎత్తుకుపోయారా?"

హైదరాబాద్‌లోని పెద్ద మాల్స్‌లో వారాంతాల్లో ఇలాంటి కుటుంబాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇంటికెళ్లాక "మీకు మతిమరుపు ఎక్కువైంది" అనే మాట ఎలాగూ పడుతుంది. నిజానికి చాలాసార్లు తప్పు మతిమరుపుది కాదు. కారు పెట్టేటప్పుడు చోదకుడి ధ్యాసంతా రివర్స్ చేయడం మీద, పక్క కారుకు తగలకుండా చూడటం మీద ఉంటుంది. దిగగానే సినిమాకు టైమవుతోందన్న కంగారు. స్తంభం మీద అంకె కంటికి కనిపించినా మనసులోకి ఎక్కదు. ఎక్కనిదాన్ని తర్వాత ఎంత తవ్వినా ఏం దొరుకుతుంది?

రెండో కారణం ఇంకా చిత్రమైనది. జ్ఞాపకశక్తి మీద పరిశోధనలతో పేరుపొందిన బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ బ్యాడ్లీ, తన సహ పరిశోధకుడితో కలిసి 1991లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు: కారు ఎక్కడ పెట్టారు? రోజూ ఒకేచోటికి వచ్చేవాళ్లకు ఈరోజు పెట్టిన చోటు బాగానే గుర్తుంది. వెనక్కి వెళ్లేకొద్దీ అన్ని రోజులూ కలగాపులగమయ్యాయి. ఒక్కసారే వచ్చినవాళ్లు మాత్రం చాలా రోజుల తర్వాత కూడా ఆ చోటు చెప్పగలిగారు. అంటే కొత్త మాల్ కన్నా అలవాటైన మాలే ఎక్కువ మోసం చేస్తుంది. గత నెల పెట్టిన చోటు, ఈరోజు పెట్టిన చోటు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి.

దీనికి భవనం కూడా తోడవుతుంది. ర్యాంపు మీద రెండు మూడు చుట్లు తిరిగేసరికి తూర్పేదో పడమరేదో తెలియకుండా పోతుంది. కిందికి దిగితే కిటికీ ఉండదు, ఎండ ఉండదు, ఆనవాలుకు చెట్టో గుడో ఉండదు. పైగా అంతస్తులన్నీ ఒకే అచ్చు. బీ2లో సీ14 అని రాసిన స్తంభం ఎక్కడుందో, బీ3లోనూ దానికి సరిగ్గా కిందనే సీ14 ఉంటుంది. లిఫ్టులూ ఒకచోటే ఉండవు. సూపర్‌మార్కెట్ వైపు ఒక జత, సినిమా హాలు వైపు మరో జత. ఒకదాంట్లో ఎక్కి ఇంకోదాంట్లో దిగితే చేరే అంతస్తు సరైనదే కావచ్చు, మూల మాత్రం వేరే.

ఈ చిక్కును తీర్చడానికి డిజైనర్లు కూడా బుర్ర పెట్టారు. చికాగోలోని ఓహేర్ విమానాశ్రయం ప్రధాన పార్కింగ్‌లో ఒక్కో అంతస్తుకు ఒక్కో స్థానిక క్రీడా జట్టు పేరు, రంగు ఇచ్చారు. "నాలుగో అంతస్తు" అనే అంకె జారిపోవచ్చు గానీ అభిమాన జట్టు పేరు అంత తేలిగ్గా మరపు రాదు కదా! మెల్‌బోర్న్‌లో యురేకా టవర్ పార్కింగ్‌ది మరో దారి. అక్కడ అక్సెల్ పేమోలర్ అనే డిజైనర్ 'లోపలికి', 'బయటికి', 'పైకి', 'కిందికి' అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటలను గోడల మీదా నేల మీదా నిలువెత్తు రంగుల్లో సాగదీసి వేయించారు. పక్కనుంచి చూస్తే అవి వంకర టింకర మరకల్లా ఉంటాయి. కారు సరిగ్గా మలుపు దగ్గరికి రాగానే ముక్కలన్నీ అతుక్కుని మాట చదవడానికి వస్తుంది. నిర్ణయం తీసుకోవాల్సిన చోటే అక్షరం కనిపించాలన్నది అందులోని కిటుకు.

"ఇవన్నీ ఎందుకు, ఫోన్ ఉందిగా?" అనొచ్చు. ఫోన్‌కూ ఒక హద్దుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాటి సంకేతం నేలకు చేరేసరికే చాలా బలహీనం. కాంక్రీటు శ్లాబుల కింద దాదాపు అందదు. బ్లూటూత్ తెగిపోగానే కారు చోటును మ్యాప్స్ యాప్ గుర్తుపెట్టుకుంటుంది గానీ, బేస్‌మెంట్‌లో అది వేసే గుర్తు ఉజ్జాయింపే. గుర్తు సరిగ్గా పడినా, అది ఏ అంతస్తో సాధారణంగా చెప్పదు.

అందుకే ఫోన్‌లో అక్కరకొచ్చేది కెమెరా. స్తంభాన్ని ఒక్కదాన్నే ఫొటో తీస్తే సరిపోదు. సీ14 అన్నది ఏ అంతస్తుదో ఆ ఫొటోలో తెలియదు. రెండు ఫొటోలు కావాలి: అంతస్తు పేరుతో సహా స్తంభం ఒకటి, ఎక్కబోయే లిఫ్టు ద్వారం ఒకటి. లిఫ్టు ఎక్కే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి కారు వైపు చూడటం కూడా మేలు చేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు కంటికి కనిపించేది ఆ దృశ్యమే. విమానాశ్రయంలోనైతే ఫొటో తప్పనిసరి. నాలుగైదు రోజుల తర్వాత వస్తాం. పైగా శంషాబాద్‌లోలా వెళ్లేటప్పుడు పై అంతస్తులో లోపలికి వెళ్లి, వచ్చేటప్పుడు కింది అంతస్తులో బయటికి వస్తాం.

ఫొటో లేకపోతే? మొదట, వెళ్లేటప్పుడు ఎక్కిన లిఫ్టు దగ్గరికే తిరిగి రావాలి. అక్కడి నుంచి వరసలవారీగా చూసుకుంటూ పోవాలి. అనుకున్నచోట వేరే కారుంటే, దొంగతనం అనుకునే ముందు అదే నంబరు స్తంభం దగ్గర పై అంతస్తు, కింది అంతస్తు చూడాలి. తాళం బటన్ అంతస్తు దాటి పనిచేస్తుందని నమ్మకం లేదు, అందుకే ఒక్కో అంతస్తులో విడిగా నొక్కాలి. అప్పటికీ దొరక్కపోతే సెక్యూరిటీ వాళ్లకు బండి నంబరు, వచ్చిన టైము చెప్పాలి. చీటీ మీద టైముంటే వాళ్లు కెమెరాల్లో వెతకడం సులువు.

కారు దొరికాక బయటపడటం మరో ఘట్టం. పరిగెత్తే మనిషి బొమ్మతో ఉన్న ఆకుపచ్చ బోర్డు కార్లకు కాదు, ప్రమాదంలో మనుషులు మెట్ల వైపు వెళ్లడానికి. కార్లకు నేల మీది బాణాలు, విడిగా ఉండే ఎగ్జిట్ బోర్డులే ఆధారం. పెద్ద మాల్స్‌కు రెండు మూడు ఎగ్జిట్లు, ఒక్కోటి ఒక్కో రోడ్డు మీదికి. తప్పు దాంట్లోంచి బయటపడితే యూటర్న్ కోసం ట్రాఫిక్‌లో దూరం పోవాలి. కాబట్టి ఇంజిన్ వేయకముందే కావలసిన రోడ్డు ఏ గేటు వైపో సెక్యూరిటీని అడగడం నయం. బేస్‌మెంట్‌లో ఉండగా మ్యాప్ "ఎడమకు తిరగండి" అన్నా వినక్కర్లేదు. ర్యాంపు ఎక్కి ఆకాశం కింద చేరాక నీలం చుక్క కుదురుకుంటుంది, అప్పటి నుంచి నమ్మొచ్చు. డబ్బులు లిఫ్టు దగ్గరి కౌంటర్‌లో కట్టే పద్ధతి ఉన్నచోట, కట్టాక గేటు దాటడానికి కొద్ది నిమిషాల గడువే ఇస్తారు. కారు ఎక్కడుందో తేల్చుకున్నాకే కట్టాలి.

ఆ ఆదివారం కుటుంబానికి కారు దొరికింది. బీ3లో, సీ14 దగ్గర. వాళ్లు అరగంటగా తిరిగింది బీ2లో.