విద్యుత్ అంతరాయం – పార్టిషన్ పట్టిక నష్టం: అహోబిలం క్షేత్రపర్యటన డిస్క్ పునరుద్ధరణ

1. ఉపోద్ఘాతం

అహోబిలంలో పరువేట ఉత్సవం కనుమనాడు మొదలై నెల పైబడి సాగుతుంది. నృసింహస్వామి ఉత్సవమూర్తులు పల్లకిలో చుట్టుపక్కల గ్రామాలకు తరలివెళ్లి, చెంచులక్ష్మితో జరగబోయే తమ వివాహానికి ప్రజలను స్వయంగా ఆహ్వానిస్తారని అక్కడివారి విశ్వాసం. ఈ సందర్భంలో పల్లెల్లో వినిపించే కథనాలను సేకరించడానికి వెళ్లినప్పుడు, దిగువ అహోబిలంలోని ఒక వసతి గదిలో నాకు ఎదురైన ఇబ్బందే ఈ వ్యాసానికి ఆధారం. రెండేళ్ల రికార్డింగులన్నీ ఒకే ఒక్క 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. అందులో 500 జీబీల పార్టిషన్ ఒకటే ఉండేది, మిగిలిన స్థలం ఖాళీ. ఛాయాచిత్రాల కోసం ఆ ఖాళీలో రెండో పార్టిషన్ సృష్టిస్తున్న క్షణంలోనే కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే పనికిరానిది కావడంతో డిస్క్ కూడా ఆగిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే విండోస్ ఆ డిస్క్‌ను `Unknown, Not Initialized` అని చూపింది. రికార్డింగులలో కథ చెప్పిన పెద్దాయన ఒకరు అప్పటికే కాలం చేశారు. ఆ గొంతుకు మరో ప్రతి లేదు.

2. నష్టపోయినది ఏది?

ఇటువంటి డిస్క్‌లో 512 బైట్ల మొదటి సెక్టారే కీలకం. దానిలో తొలి 446 బైట్లు బూట్ కోడ్‌కు, తరువాతి 64 బైట్లు నాలుగు పార్టిషన్ల వివరాలకు, చివరి రెండు బైట్లు `55 AA` అనే గుర్తుకు కేటాయించి ఉంటాయి. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎంత దూరం సాగుతుందో ఆ 64 బైట్లు చెబుతాయి. గ్రంథానికి విషయసూచిక ఉన్నట్టే ఇదీ. సూచిక చిరిగిపోయినంత మాత్రాన లోపలి అధ్యాయాలు చెరిగిపోవు.

సాధారణంగా ఈ సెక్టారును ఎవరూ తిరగరాయరు. పార్టిషన్లను మార్చేటప్పుడు మాత్రమే అది మారుతుంది. నేను చేస్తున్నది సరిగ్గా ఆ పనే. ఫైళ్లు కాపీ చేస్తుండగా కరెంటు పోతే దెబ్బతినేది ఎక్కువగా పార్టిషన్ లోపలి ఫైల్ సిస్టమ్. అప్పుడు పార్టిషన్ కనిపిస్తూనే `RAW` అని చూపిస్తుంది. ఈ రెంటికీ చికిత్స వేరు.

కళాశాలకు తిరిగివచ్చి, లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు డిస్క్‌ను తగిలించి మొదటి సెక్టారును చదివాను. ఇది చదవడం మాత్రమే, డిస్క్‌పై ఏమీ రాయదు.

```
sudo dd if=/dev/sdb bs=512 count=1 | xxd | tail -5
```

చివరి వరుసలో `55aa` ఉండవలసిన చోట సున్నాలున్నాయి. పట్టిక భాగమూ అంతే. ఇక్కడ `sdb` అన్నది నా కంప్యూటర్‌లో ఆ డిస్క్‌కు వచ్చిన పేరు. ఎవరికి వారు `lsblk` ఆదేశంతో పరిమాణం చూసి సరైన పేరును నిర్ధారించుకోవాలి.

3. తొందరపడకూడని చోటు

విండోస్ ఆ డిస్క్‌ను `Initialize` చేయమంటుంది. దానికి ఒప్పుకుంటే కొత్త పట్టిక వస్తుందే తప్ప పాత పార్టిషన్ లోపలి ఫైళ్లు తుడిచిపెట్టుకుపోవు. అసలు ప్రమాదం ఆ తరువాతి ఫార్మాట్‌లో ఉంది. ఫైళ్ల పేర్లు, స్థానాలు నమోదై ఉండే భాగంపైనే అది కొత్తగా రాస్తుంది. అందుచేత రెండింటికీ అంగీకరించకపోవడమే మేలు.

డిస్క్ నుంచి టక్‌టక్ మనే శబ్దం వస్తున్నా, `smartctl` నివేదికలో `Current_Pending_Sector` విలువ ప్రతిసారీ పెరుగుతున్నా అది పట్టిక సమస్య కాదు, యంత్రభాగాలే దెబ్బతింటున్నాయని అర్థం. శబ్దం వస్తే ఉచిత సాధనాల జోలికి పోకుండా డిస్క్‌ను ఆపి నిపుణులకు అప్పగించాలి. నా డిస్క్‌లో ఆ లక్షణాలు లేవు. అయినా ముందుగా పెద్ద డిస్క్ ఒకటి అరువు తెచ్చి, మొత్తానికి నకలు తీశాను.

```
sudo ddrescue -d /dev/sdb ahobilam.img ahobilam.map
```

ఈ ఆదేశాన్ని ఆ పెద్ద డిస్క్‌లోని ఫోల్డరు నుంచే నడపాలి. పాత యూఎస్‌బీ 2.0 డిస్క్ కావడంతో దీనికి దాదాపు తొమ్మిది గంటలు పట్టింది. చాలామంది ఈ దశను దాటవేస్తారు. ప్రయోగంలో పొరపాటు జరిగినా మూలం చెక్కుచెదరకుండా ఉండేది దీనివల్లనే.

4. పట్టికను తిరిగి కట్టడం

క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించిన టెస్ట్‌డిస్క్ ఉచితం, దాని మూలకోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. విండోస్‌లోనూ నడుస్తుంది. పోయిన పట్టికను అది ఎలా కనిపెడుతుంది? ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ మొదటి సెక్టారులోనే ఆ పార్టిషన్ పొడవు రాసి ఉంటుంది. ఆ సెక్టారు నకలు పార్టిషన్ చివరి సెక్టారులోనూ ఉంటుంది. టెస్ట్‌డిస్క్ డిస్క్‌లో ఇటువంటి ఆనవాళ్లను వెదకి, వాటి నుంచి హద్దులను లెక్కగడుతుంది.

నకలుపైనే `testdisk ahobilam.img` అని నడిపి, `Intel`, `Analyse`, `Quick Search` వరుసగా ఎంచుకున్నాను. రెండు ఫలితాలు వచ్చాయి. ఒకటి 2048వ సెక్టారులో మొదలై 1048578047 వద్ద ముగుస్తుంది. లెక్కిస్తే 1048576000 సెక్టార్లు, అంటే విండోస్ చూపే లెక్కలో సరిగ్గా 500 జీబీ. రెండోది 63వ సెక్టారులో మొదలై డిస్క్ చివరిదాకా వ్యాపించింది.

ఈ రెండోది ఎక్కడిది? డిస్క్ కొన్నప్పుడు కర్మాగారం నుంచి వచ్చిన పార్టిషన్ అది. దాన్ని తొలగించి కొత్తది 2048 నుంచి మొదలుపెట్టినప్పుడు, 63వ సెక్టారు ఎవరూ ముట్టని ఖాళీలో మిగిలిపోయింది. తాళపత్రంపై పాత లిపి పూర్తిగా చెరగనట్టు, పాత పార్టిషన్ గుర్తూ అలాగే నిలిచింది. రెండూ ఒకదానిపై ఒకటి పడుతున్నందున టెస్ట్‌డిస్క్ రెంటినీ `D` అని, అంటే తొలగించినవిగా గుర్తించి, నిర్ణయాన్ని మనకు వదిలింది.

నిర్ణయించే మార్గం `P` అనే మీట. పెద్దదానిపై నొక్కితే `Can't open filesystem` అని వచ్చింది. చిన్నదానిపై నొక్కితే ఊళ్ల పేర్లతో నేను పెట్టుకున్న ఫోల్డర్లు వరుసగా కనిపించాయి. బాణపు గుర్తుల మీటతో దాన్ని `P`గా మార్చి, ఎంటర్ నొక్కి, `Write`కు అంగీకరించాను. నకలులో అంతా తెరుచుకుంటుందని నిర్ధారించుకున్న తరువాతే అసలు డిస్క్‌పై ఇదే క్రమాన్ని పాటించాను. డిస్క్‌ను తీసి మళ్లీ పెట్టగానే ఫైళ్లన్నీ యథాతథంగా కనిపించాయి. సగంలో ఆగిన రెండో పార్టిషన్ మాత్రం రాలేదు. అది ఇంకా ఫార్మాట్ కాలేదు కనుక వెదకడానికి ఆనవాలూ లేదు, పోయిన దత్తాంశమూ లేదు.

5. పరిమితులు

`RAW` అని చూపే సందర్భంలో పట్టికను తిరగరాయడం వల్ల ప్రయోజనం లేదు. టెస్ట్‌డిస్క్‌లోనే `Advanced`, `Boot` ఎంచుకుంటే మొదటి బూట్ సెక్టారు, దాని నకలు రెండింటి స్థితీ తెలుస్తుంది. మొదటిది చెడి నకలు బాగుంటే `Backup BS`తో సరిచేయవచ్చు. కొత్త కంప్యూటర్లలోని జీపీటీ డిస్క్‌లకు పట్టిక నకలు డిస్క్ చివరన కూడా ఉంటుంది కాబట్టి, ఆ నకలు క్షేమంగా ఉంటే పని ఇంకా తేలిక.

టెస్ట్‌డిస్క్‌తో పాటే వచ్చే ఫోటోరెక్ అనే సాధనాన్ని చాలామంది ముందే వాడతారు. అది ఫైళ్ల లోపలి స్వరూపాన్ని బట్టి వాటిని ఏరి తెస్తుంది కానీ ఫైళ్లకు మనం పెట్టిన పేర్లూ, ఫోల్డర్లూ తీసుకురాదు. ఏ ఊరు, ఏ వక్త, ఏ తేదీ అన్నవన్నీ క్షేత్రపరిశోధకుల డిస్క్‌లలో సాధారణంగా ఫైల్ పేరులోనే ఉంటాయి. అంకెల పేర్లతో వందలాది గొంతులు చేతికొస్తే ఎవరిది ఏదో తేల్చడం దాదాపు అసాధ్యం. అందువల్ల పట్టిక పునరుద్ధరణ విఫలమైన తరువాతే దాన్ని ఆశ్రయించాలి.

ఇప్పుడు ప్రతి డిస్క్ పట్టికనూ `sudo sfdisk -d /dev/sdb > patti.txt` అనే ఆదేశంతో ఒక చిన్న ఫైలుగా తీసి, వేరే చోట దాచుతున్నాను. పార్టిషన్ ఎక్కడ మొదలై ఎంత పొడవుందో ఆ రెండు అంకెలను చీటీ మీద రాసి డిస్క్ అట్టకు అంటించాను.