గాలికి లేచే పునాది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు చెట్లతోపాటు హోర్డింగులూ కూలాయి. హోర్డింగ్ పడిందంటే స్తంభం వంగిందనో, బోల్టులు తెగాయనో అనుకుంటాం. కానీ స్తంభం నిక్షేపంగా ఉండి, కింద ఫుటింగే ఒక పక్క మట్టిని వదిలి లేచే ప్రమాదమూ ఉంది. ఇంటి ఫుటింగుల్లో ఈ బెడద తక్కువ. అక్కడ బరువు ఎక్కువ, పక్కకు తోసే బలం తక్కువ. హోర్డింగ్‌ది తలకిందుల లెక్క.

ఒక హోర్డింగ్‌నే లెక్కకట్టి చూద్దాం. ఒంటి స్తంభం మీద 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు ఉన్న బోర్డు. కింద 3 మీటర్ల చదరపు ఫుటింగ్, అడుగు నేలమట్టానికి 1.3 మీటర్ల లోతున. బోర్డు, స్తంభం, కాంక్రీటు, పైన కప్పిన మట్టి అన్నీ కలిపి 27 టన్నులు. గాలి లేనప్పుడు ఈ బరువు 9 చదరపు మీటర్ల మీద సమంగా పరుచుకుంటుంది కాబట్టి చదరపు మీటరుకు 3 టన్నులు. మెత్తటి నేల కూడా ఇంతమాత్రం మోస్తుంది.

ఇప్పుడు గాలి చదరపు మీటరుకు 100 కిలోల చొప్పున బోర్డును తోసిందనుకుందాం. మొత్తం 1.8 టన్నులు. బోర్డు మధ్యభాగం ఫుటింగ్ అడుగు నుంచి 7.5 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మొమెంట్ 13.5 టన్ను మీటర్లు. దాన్ని 27 టన్నులతో భాగిస్తే అర మీటరు వస్తుంది. అంటే బరువంతా ఫుటింగ్ నడిమి నుంచి అర మీటరు జరిగి కూర్చున్నట్టే. గాలి వచ్చే వైపు అంచు దగ్గర ఒత్తిడి సున్నా, అవతలి అంచు దగ్గర 6 టన్నులు. ఫుటింగ్ వెడల్పులో ఆరో వంతు కూడా సరిగ్గా అర మీటరే. బరువు అంతవరకు జరిగినా అడుగంతా మట్టిని ఆనుకునే ఉంటుంది. ఆ గీత దాటితే అంచు లేస్తుంది.

గాలి వేగం నలభై శాతం పెరిగితే చాలు, దాని తోపు దాదాపు రెట్టింపవుతుంది. మొమెంట్ 27కు చేరి, బరువు ఒక మీటరు జరుగుతుంది. ఇక్కడ P/A ± M/Z అన్న మామూలు సూత్రం వాడితే ఒక అంచున 9, రెండో అంచున మైనస్ 3 వస్తుంది. ఆ మైనస్‌కు అర్థం, మట్టి ఫుటింగ్‌ను పట్టుకుని కిందికి లాగుతోందని. మట్టికి అలా లాగే శక్తి ఎక్కడిది? నెట్టడమే దానికి తెలుసు. అసలు జరిగేదేమిటంటే, సగం ఫుటింగ్ గాల్లోకి లేచి, మిగిలిన 1.5 మీటర్ల పట్టీయే 27 టన్నులూ మోస్తుంది. అంచు దగ్గర ఒత్తిడి 9 కాదు, 12. గాలి తోపు ఇంకో పాతిక శాతం పెరిగితే ఆనుకున్న పట్టీ 75 సెంటీమీటర్లకు తగ్గి, ఒత్తిడి ఏకంగా 24 అవుతుంది. ఫుటింగ్ తిరగబడేలోపే అంచు కింద మట్టి నలిగిపోవడం సహజం.

నా దృష్టిలో అంతకన్నా మోసం చేసేది నీరు. తుపాను గాలి ఒంటరిగా రాదు. వాననీరు నేలమట్టం దాకా నిలిచి, మట్టి పూర్తిగా నానితే, ఫుటింగ్, దానిపై మట్టి కలిసి నీటిలో మునిగినట్టే. వాటి ఘనపరిమాణం 11.7 ఘనపు మీటర్లు కాబట్టి అన్ని టన్నుల బరువూ తేలిపోతుంది. మిగిలేది 15.3 టన్నులు. ఇందాక అంచు లేవనివ్వని ఆ మొదటి గాలికే ఇప్పుడు మీటరుకు పైగా ఫుటింగ్ లేస్తుంది. రెట్టింపు గాలికైతే బరువు జరగాల్సిన దూరం ఫుటింగ్ అంచునే దాటిపోతుంది. ఇక నిలబడే దారి లేదు.

లేచిన భాగానికి ఇంకో చిక్కుంది. కింద మట్టి ఆసరా పోయింది, పైన కప్పిన మట్టి బరువు అలాగే ఉంది. ఆ భాగం కిందికి వంగుతుంది, పగులు పైముఖాన వస్తుంది. చువ్వల జాలీ అడుగున ఒక్కటే పరిచి, పైన వేయకపోతే ఆ పగులును ఆపేదేదీ ఉండదు.

గాలి, భూకంపం లాంటి అరుదైన బలాలకు కొంతభాగం లేచినా, మిగతా భాగం కింద ఒత్తిడి హద్దులో ఉండి, తిరగబడకుండా మార్జిన్ ఉంటే ఇంజనీర్లు ఒప్పుకోవచ్చు. లేవడాన్ని తగ్గించాలంటే కాంక్రీటు పెంచక్కర్లేదు, ఆకారం మార్చినా చాలు. బోర్డు ముఖం మీదే గాలి జోరు కాబట్టి ఆ దిశలో 4 మీటర్లు, అడ్డంగా 2.25 మీటర్లు పెడితే విస్తీర్ణం అదే 9. పొడి నేలలో రెట్టింపు గాలికి ఇప్పుడు 3 మీటర్లు ఆనుకునే ఉంటాయి, ఒత్తిడి 12 నుంచి 8కి దిగుతుంది.

పెద్దగాలి తర్వాత స్తంభం మొదట్లో గాలి వచ్చిన వైపు నేలకూ కాంక్రీటుకూ మధ్య సందు కనబడితే, అది ఊగిందన్నమాట. ఆ సందులో మట్టి పోసి కప్పేసే ముందు తూకం గుండు వేలాడదీసి చూడాలి. స్తంభం తిరిగి నిటారుగా నిలవకుండా ఒరిగే ఉంటే, అవతలి అంచు కింద మట్టి ఇప్పటికే నలిగి ఉండొచ్చు.